రెండో ఫోన్

సెలవు చీటీలో తేదీలున్నాయి, సంతకం ఉంది. 'కారణం' అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది.

సూపర్‌వైజరు చీటీని తిప్పి చూసింది. వెనకవైపూ ఏమీ లేదు. పదకొండేళ్ళుగా ఒక్క సెలవు చీటీ కూడా పెట్టని మనిషి పెట్టిన మొదటి చీటీ అది. అదీ అడక్క అడక్క అడిగింది ఏ రోజులు? ఏడాది చివరి సెలవులు పది రోజులు. అందులో నాలుగు, ఐదు, ఆరు. ఊళ్ళో దుకాణాలు, ఆఫీసులు, బళ్ళు అన్నీ మూతపడేది ఆ మూడు రోజులే. ఆమె బల్ల మీద ఉన్న మిగతా ఐదు చీటీలూ ఆ మూడు రోజులే అడుగుతున్నాయి.

అది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఊళ్ళో నూట నలభై లిఫ్టులు వాళ్ళ చేతి కింద ఉన్నాయి. వాటిని చూసే మెకానిక్కులు ఆరుగురు, వాళ్ళను చూసేది ఈ సూపర్‌వైజరు. వయసు యాభై దాటింది. మెకానిక్కులందరికీ అక్క. సెలవుల్లో ఆఫీసు మూసేస్తారు కానీ లిఫ్టులకు సెలవు లేదు. మధ్యలో మనుషులు ఇరుక్కుంటే అరగంటలో చేరాలన్నది కంపెనీ రాసిచ్చిన మాట. అందుకని ఆఫీసులో రెండు డ్యూటీ ఫోన్లున్నాయి. కాల్ వస్తే మొదటి ఫోన్ ఉన్నవాడు వెళ్తాడు. ఇరుక్కున్నవాళ్ళను దించాలంటే ఇద్దరు కావాలి గనక, అలాంటప్పుడు రెండో ఫోన్ ఉన్నవాడూ వెళ్తాడు. ఎవరు ఏ రోజు ఏ ఫోన్ మోయాలో రాసే పట్టిక ఆమెదే. సోమవారం సాయంత్రం నాలుగింటికి అది ప్రకటించాలి. ఇవాళ గురువారం.

ఏటా పట్టిక తయారయ్యే పద్ధతి ఒకటే. చీటీల్లో కారణాలు చదివేది. ఏది బరువో తూచేది. బరువైన కారణానికి నడిమి రోజులు ఇచ్చేది. చంటిపిల్లలు, ఆపరేషన్ అయిన అత్తగారు, తమ్ముడి పెళ్ళిచూపులు. ఐదుగురూ మొదటి ఫోన్ తలా రెండు రోజులు మోసేవాళ్ళు. మిగిలిన రెండో ఫోన్ పది రోజులూ ఒకడి దగ్గరే ఉండేది. ఆ ఒకడే ఈ చీటీ పెట్టిన మేస్త్రి.

అందరికంటే సీనియరు, కుర్రాళ్ళకు బాబాయ్. పెళ్ళి చేసుకోలేదు. ఒంటికాయ శొంఠికొమ్ము, ఆయనకేం పనిలే అనేవాళ్ళు. పైగా రెండో ఫోన్ మోగేది తక్కువ. పోయినేడు పది రోజుల్లో ఒక్కసారి మోగింది. అందుకే పట్టికలో ఆ పది రోజులకూ ఆయన పేరు ఎదురుగా ఆమె 'విశ్రాంతి, రెండో ఫోన్' అని రాసేది. ఏనాడూ ఆ రెండు మాటలూ పక్కపక్కన ఎలా ఉన్నాయని ఆలోచించలేదు.

మేస్త్రిని పిలిపించింది. ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

"కారణం రాయలేదేం?"

"రాస్తే తూకం వేస్తారక్కా."

"వేయకుండా ఎలా ఇస్తాను? ఇక్కడ ఆరు చీటీలున్నాయి."

"నిజమే. నాది తూగదు. అందుకే రాయలేదు." ఆయన గొంతులో కోపం లేదు. గ్రీజు డబ్బా ఎక్కడుందో చెబుతున్నట్టు చెప్పాడు. "కారణం అడక్కుండా ఇస్తే తీసుకుంటా. లేకపోతే వద్దు. ఈ సెలవులకు ఎప్పట్లాగే మోస్తా. తర్వాత మాత్రం ఫోన్ మీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోతానక్కా."

ఎక్కడికి అని ఆమె అడగలేదు. ఊళ్ళో ఇంకో రెండు లిఫ్టు కంపెనీలున్నాయి. ఆయన లాంటి చేయి ఎవరికైనా కావాలి. బెదిరింపైతే ఎదురు చెప్పొచ్చు. ఇది బెదిరింపు కాదు. ఆయన లెక్క తేల్చుకుని వచ్చాడు.

"రెండో ఫోన్ మోగదు కదా మేస్త్రీ. ఇంట్లో కూర్చోవడమే కదా," అంది, చివరి ప్రయత్నంగా.

ఆయన జేబులోంచి ఆ ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. అంచులు అరిగిపోయిన పాత బటన్ల ఫోను. "ఈ శని, ఆదివారాలు మీ దగ్గర ఉంచండి. మీకూ లిఫ్టు పని పర్మిట్ ఉందిగా, రెండో మనిషిగా వెళ్ళొచ్చు. సోమవారం మీకేది న్యాయమనిపిస్తే అది రాయండి."

ఆమెకు పర్మిట్ ఉన్న మాట నిజమే. ఇరవై ఏళ్ళ కిందట ఆమె కూడా లిఫ్టు తాళ్ళ పక్కన నిలబడి పనిచేసింది. కంపెనీ నియమం ప్రకారం ఏడాదికోసారి పర్మిట్ పరీక్ష రాస్తూనే ఉంది. కానీ ఫోన్ మోసి ఎన్నాళ్ళయిందో గుర్తు లేదు.

శనివారం పొద్దున చెల్లెలు ఫోన్ చేసింది. కొత్త ఇంట్లో చేరారు, భోజనానికి రమ్మంది. చెల్లెలి ఇల్లు ఊరి బయట, గంటన్నర దారి. వస్తానని నోటి చివరిదాకా వచ్చి ఆగింది. అరగంట. రానని చెప్పింది. ఎందుకని అడిగితే ఫోన్ ఉందని చెప్పింది. ఫోన్ అందరికీ ఉంటుంది, తీసుకునే రా అంది చెల్లెలు. వివరించబోతే నీకు మేమెప్పుడూ గుర్తుండంలే అని పెట్టేసింది.

స్నానానికి వెళ్తే ఫోన్ సబ్బుపెట్టె పక్కన పెట్టింది. నీళ్ళ చప్పుడులో మోగినట్టనిపించి రెండుసార్లు కుళాయి కట్టింది. మోగలేదు. మధ్యాహ్నం కునుకు పట్టబోతుంటే చార్జింగ్ ఉందో లేదోనని లేచింది. ఉంది. సాయంత్రం భర్త సినిమాకు వెళ్దామన్నాడు. హాల్లో సిగ్నల్ ఉండదంది. ఆయన నవ్వి, పెళ్ళైన కొత్తలో నన్ను కూడా ఇంత జాగ్రత్తగా చూసుకోలేదే అన్నాడు. ఆమె నవ్వలేదు. రాత్రి ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకుంది. పడుకోవడమంటే కళ్ళు మూసుకోవడమే, చెవులు మూతపడలేదు.

ఆదివారమూ అంతే. రెండు రోజుల్లో ఆ ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు. సోమవారం పొద్దున లేచేసరికి మెడ పట్టేసి ఉంది. ఏ పనీ చేయకుండా ఇంత అలసిపోవడం ఆమెకు అదే మొదటిసారి.

ఆఫీసుకు వెళ్ళగానే పాత పట్టికల ఫైలు తీసింది. ఏటా పది రోజులు, పదకొండేళ్ళు. 'విశ్రాంతి, రెండో ఫోన్'. 'విశ్రాంతి, రెండో ఫోన్'. అన్నీ ఆమె చేతిరాతే.

సాయంత్రం నాలుగింటికి ఆరుగురూ వచ్చారు. స్టోరు గదిలో ఇనుప బీరువాల మధ్య ఎవరి డబ్బా మీద వాళ్ళు కూర్చున్నారు. కవల పిల్లల తండ్రి ఒకడున్నాడు, వాణ్ణి అందరూ కవలల నాన్న అంటారు. ఆపకుండా మాట్లాడేవాడి పేరు రేడియో. మిగతా ముగ్గురూ గోడకు ఆనుకున్నారు. మేస్త్రి తలుపు దగ్గర నిలబడ్డాడు.

ఆమె ముందుగా చీటీల కట్ట చూపించింది. ఎవరి కారణమూ చదవలేదని, ఇకమీదట చదవనని చెప్పింది. తర్వాత పట్టిక బోర్డుకు గుచ్చి వివరించింది. రెండో ఫోన్ కూడా డ్యూటీయే. మోగినా మోగకపోయినా మోసిన రోజు మోసినట్టే. పది రోజులు, రెండు ఫోన్లు, మొత్తం ఇరవై వంతులు. ఆరుగురికీ తలా మూడు వంతులు. మిగిలిన రెండూ రెండో ఫోన్‌వి, అవి ఆమెవి. ఎవరూ వరసగా రెండు రోజులు మోయరు. రాత్రి పని పడి వెళ్ళినవాడికి ఆ వారంలోనే బదులు సెలవు. ఫోన్ మార్పిడి పొద్దున ఎనిమిదింటికి, ఆఫీసు గుమ్మం దగ్గర, చేతి నుంచి చేతికి. బల్ల మీద పెట్టి పోవడం లేదు. ఎవరైనా వంతులు మార్చుకుంటే ఇద్దరూ ఆమెకు చెప్పాలి, ఆమె పట్టిక మీద సంతకం పెట్టాకే మారినట్టు. పెన్సిల్‌తో గోడ మీద గీసుకునేది చెల్లదు.

ఇక నడిమి రోజుల సంగతి. పోయినేడు ఆ మూడు రోజుల్లో ఎవరు ఎక్కువగా ఫోన్ మోశారో ఈ ఏడాది వాళ్ళే ముందు కోరుకుంటారు.

లెక్క అందరికీ ఒకేసారి తగిలింది. ఏటా రెండు రోజులు మోసేవాళ్ళు ఇప్పుడు మూడు మోయాలి.

"అంటే మా మీద ఒక రోజు పెరిగింది. బాబాయ్‌కి ఏడు తగ్గాయి," అన్నాడు కవలల నాన్న. "నాకు ఇద్దరు పిల్లలక్కా. ఆయనకు..."

"ఆగావేం, చెప్పు," అంది ఆమె.

కవలల నాన్న మేస్త్రి వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఆయనకు ఎవరూ లేరనేగా. పదకొండేళ్ళు నేనూ అదే అనుకున్నా. నీకు పిల్లలున్నందుకు ఆయనెందుకు నిద్ర మానాలో నువ్వు చెప్పు, పట్టిక ఇప్పుడే చింపేస్తా."

రేడియో గొంతు సవరించుకుని, వీడి పిల్లలిద్దరూ ఇంట్లో సైరన్లు, డ్యూటీలోనే వీడికి విశ్రాంతి అన్నాడు. అందరూ నవ్వారు. కవలల నాన్న కూడా నవ్వాడు గానీ ఒప్పుకున్నట్టు కాదు. ఎవరో గొణిగారు. ఎవరో సరేలే అన్నారు. ముందుగా కోరుకోవలసింది మేస్త్రి. ఆయన నాలుగు, ఐదు, ఆరు అన్నాడు. ఎందుకో రేడియో అడగబోతే ఆమె చేయి అడ్డం పెట్టింది.

కవలల నాన్నకు ఆరో రోజు మొదటి ఫోన్ పడింది. ఆ రోజే రెండో ఫోన్ ఆమెది.

వాడు వెళ్తూ వెళ్తూ బల్ల దగ్గర ఆగాడు. బాబాయ్‌కి మాత్రమే తెలిసిన పాత మెషిన్లు నాలుగైదున్నాయి, వాటికేదైనా అయితే ఆ మూడు రోజులూ ఆయనకు ఫోన్ చేయొచ్చా అని అడిగాడు. చేయకూడదంది. ప్రాణం మీదకొస్తే తప్ప అంది. సెలవులోపు మేస్త్రి తనకు తెలిసింది కాగితం మీద పెట్టి వెళ్తాడు. మిగతావాళ్ళూ ఎవరికి తెలిసింది వాళ్ళు పెట్టి వెళ్తారు.

మర్నాటి నుంచి కస్టమర్లకు కబుర్లు వెళ్ళాయి. ప్రతి లిఫ్టులో ఒక నోటీసు అంటించారు. ఈ పది రోజులూ మామూలు సర్వీసు ఉండదు, దాన్ని ముందే పూర్తిచేస్తాం. మనుషులు ఇరుక్కున్నా, ఆస్పత్రుల లిఫ్టు ఆగినా ఈ ఒక్క నంబరుకు చేయండి, రాత్రీ పగలూ పలుకుతాం. మెకానిక్కుల సొంత నంబర్లకు చేయకండి. ఆ చివరి వాక్యాన్ని ఓనరు కొట్టేయబోయాడు, కస్టమర్లు నొచ్చుకుంటారన్నాడు. ఆమె ఉంచమంది. సెలవులు మొదలయ్యేలోపు నూట నలభై లిఫ్టుల సర్వీసూ అయిపోయింది. మేస్త్రి కాగితాలు ఇచ్చాడు. గుండ్రటి అక్షరాలతో, మెషిన్‌కో కాగితం. అవన్నీ ఎర్ర ఫైల్లో పెట్టి వ్యాన్లో ఉంచారు.

మొదటి ఐదు రోజుల్లో నాలుగు కాల్స్ వచ్చాయి. అన్నీ చిన్నవే.

ఆరో రోజు పొద్దున పదకొండింటికి ఆమె దగ్గరున్న రెండో ఫోన్ మోగింది. అవతల కవలల నాన్న. నర్సింగ్ హోమ్ లిఫ్టు రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య ఆగింది. లోపల ఒక నర్సు, చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ. కాలికి కట్టు, వేరే ఇబ్బంది లేదు. తను వ్యాన్‌లో బయల్దేరానన్నాడు.

ఆమె పద్దెనిమిది నిమిషాల్లో చేరింది. నాలుగంతస్తుల పాత భవనం, ఒకటే లిఫ్టు. గుమ్మంలోనే మేనేజరు ఎదురొచ్చాడు. మీ మేస్త్రి ఏడీ అన్నదే మొదటి మాట. ఆయన ఈ రోజు డ్యూటీలో లేడంది. డ్యూటీ ఏమిటండీ, ఇల్లు వెనక సందులోనే కదా, ఎప్పుడు పిలిచినా చెప్పులేసుకుని నడిచొచ్చేస్తాడు అన్నాడు మేనేజరు.

అప్పటికి కవలల నాన్న ప్రతి అంతస్తు తలుపూ మూసి ఉందో లేదో చూశాడు. మూడో అంతస్తు తలుపు దగ్గర సెక్యూరిటీ మనిషిని నిలబెట్టాడు. లోపలివాళ్ళతో మాట్లాడుతూ ఉండమన్నాడు, తలుపు దగ్గరకు రావద్దని చెప్పమన్నాడు. ఇద్దరూ మెట్లెక్కి మేడ మీది మెషిన్ గదికి వెళ్ళారు. నాలుగో అంతస్తు దాటేసరికి ఆమె మోకాళ్ళు మొరపెట్టుకున్నాయి.

మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేశారు. లిఫ్టు లోపలి లైటూ ఫ్యానూ వేరే లైను మీద ఉన్నాయి. ఇక చేయవలసింది తెలిసిందే. ఒకరు పెద్ద చక్రం గట్టిగా పట్టుకోవాలి. ఇంకొకరు బ్రేక్ మీట కొంచెం కొంచెంగా వదలాలి. లిఫ్టు మెల్లగా కదులుతుంది. తాళ్ళ మీద రంగు గుర్తులుంటాయి, ఆ గుర్తు మెషిన్ మీది గీతకు ఎదురుగా వస్తే లిఫ్టు సరిగ్గా అంతస్తు మట్టానికి వచ్చినట్టు. అప్పుడు కిందికి వెళ్ళి తాళంచెవితో తలుపు తీస్తారు.

కవలల నాన్న టార్చి వేశాడు. వేసి అలాగే ఉండిపోయాడు.

తాళ్ళ మీద రెండు రకాల గుర్తులున్నాయి. పసుపువి కొన్ని, తెల్లవి కొన్ని. రెంటికీ మధ్య జానెడు తేడా.

"ఏది నిజం?" అన్నాడు. "తప్పు గుర్తు దగ్గర ఆపితే గడప ఎత్తులో తేడా వస్తుంది. చక్రాల కుర్చీ అక్కా. బాబాయ్‌ని అడుగుదాం. పది సెకన్ల పని."

"కాగితం ఏదీ?"

వాడు నాలుక కరుచుకున్నాడు. ఎర్ర ఫైలు వ్యాన్లోనే ఉంది. కాగితం చూసి పనిచేసే అలవాటు ఎవరికీ లేదు, పదకొండేళ్ళుగా ఫైలుకు బదులు మేస్త్రే వచ్చేవాడు.

ఆమె సెక్యూరిటీ మనిషికి ఫోన్ చేసింది. లోపల ఎలా ఉన్నారని అడిగింది. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, పెద్దావిడ నర్సుకు తన మనవరాలి కథలు చెబుతోంది అన్నాడు. ఆవిడ మాట్లాడటం ఆపినా, ఊపిరి ఇబ్బందన్నా వెంటనే చెప్పమంది. ఫోన్ పెట్టి కవలల నాన్నతో, "పరిగెత్తు," అంది.

"ఫోన్ చేస్తే..."

"పరిగెత్తమన్నానా."

వాడి అడుగుల చప్పుడు మెట్ల మీద కిందికి జారిపోయింది. ఆమె ఒక్కతే మిగిలింది. గదిలో వేడి. గాలికోసం చిన్న కిటికీ దగ్గరకు నడిచింది.

కిటికీలోంచి వెనక సందు కనిపించింది. నీలం తలుపు ఇల్లు. ముందు మేస్త్రి స్కూటరు, పైన గోనెపట్టా కప్పి ఉంది. దండెం మీద ఒక చొక్కా, ఒక తువ్వాలు. తువ్వాలు ఇంకా తడిగా ఉంది, అంచు నుంచి నీటిచుక్క జారి పడటం అంత దూరం నుంచి కూడా తెలిసింది.

ఇంట్లోనే ఉన్నాడు.

ఊరెళ్ళుంటాడని, ఎవరినో చూడటానికి వెళ్ళుంటాడని ఆమె ఇన్నాళ్ళూ తనలో తానే ఒక కారణం అల్లుకుంది. చదవనన్న గడిని తనే నింపుకుంది. ఇప్పుడు ఆ గడి మళ్ళీ ఖాళీ అయింది. మనిషి ఇక్కడే ఉన్నాడు, వంద అడుగుల దూరంలో, ఊరికే ఉన్నాడు.

ఫోన్ చేతిలోనే ఉంది. అందులో మొదటి పేరు ఆయనదే. ఒక్క మీట నొక్కితే చాలు. కిటికీలోంచి కేక వేసినా చాలు. ఏ గుర్తు మేస్త్రీ అంటే, తెల్లదనో పసుపనో అంటాడు, మళ్ళీ పడుకుంటాడు. పది సెకన్లు. లోపల ఒక ముసలావిడ ఇరుక్కుని ఉంది. ఆవిడకు మూడు నిమిషాలు ముందు తలుపు తెరుచుకుంటుంది. అది తప్పెలా అవుతుంది?

ఏటా ఇలాగే జరిగింది. ఏటా పది సెకన్ల పనే. పది సెకన్ల పని కోసం ఆయన్ని పది రోజులు కూర్చోబెట్టింది. ఒక్కసారి పిలిస్తే, ఈ మూడు రోజులు కూడా రెండో ఫోనే అవుతాయి. పట్టికలో ఏం రాసినా సరే. మూడు నిమిషాలు ఆవిడకు భారమా అంటే కాదు, కథ చెబుతోంది. ఊపిరికి ఇబ్బందైతే ఇంకో ఆలోచన లేదు. అంతవరకూ ఈ మూడు నిమిషాలూ కంపెనీవి. ఫైలు వ్యాన్లో మరిచిపోయినందుకు కంపెనీయే కట్టాలి.

ఆమె కిటికీ దగ్గర్నుంచి వెనక్కి వచ్చి, ఫోన్ జేబులో పెట్టి, బ్రేక్ మీట దాని కొక్కెం నుంచి తీసి చేత పట్టుకుంది.

కవలల నాన్న రొప్పుతూ వచ్చాడు. కాగితంలో నాలుగో వాక్యం అదే. 'మూడేళ్ళ కింద తాళ్ళు సాగితే కొస కత్తిరించి బిగించాం. పసుపు గుర్తులు పాతవి, నమ్మొద్దు. తెల్లవే నిజం.' దాని కింద ఇంకో వాక్యం ఉంది. 'మీట చివరిదాకా లాగొద్దు, సగంలోనే వదులుతుంది.'

వాడు చక్రం పట్టుకున్నాడు. ఆమె మీట సగం లాగింది. తాళ్ళు కదిలాయి. వదిలింది, ఆగాయి. మళ్ళీ సగం. వాడు పైకి, పైకి అంటున్నాడు. మూడో అంతస్తు తెల్లగుర్తు గీత ముందుకు వచ్చి నిలబడింది. బ్రేక్ బిగిసిందని ఇద్దరూ చూసుకున్నారు. కిందికి వెళ్ళి తలుపు తీశారు. గడప గడపకు సరిగ్గా కలిసింది. చక్రాల కుర్చీ కుదుపు లేకుండా బయటికి వచ్చింది. పెద్దావిడ, ఇంకా కథ అవలేదే అంది నర్సుతో.

కాల్ వచ్చినప్పటి నుంచి ముప్పై తొమ్మిది నిమిషాలు. ఆమె పుస్తకంలో అలాగే రాసింది. ఫైలు కోసం పట్టిన నిమిషాలూ విడిగా రాసింది.

తప్పు రెండో అంతస్తు తలుపు తాళంలో ఉంది. చిన్న చక్రం అరిగిపోయి పక్కకు జరిగింది. లిఫ్టు ఆ తలుపు దాటుతుండగా తాళం తెరుచుకున్నట్టు లెక్కయి ఆగిపోయింది. వ్యాన్లో విడిభాగం ఉంది. కవలల నాన్న మార్చడానికి కూర్చున్నాడు. మేనేజరు మాత్రం కుదురుగా లేడు. మధ్యాహ్నం ఇద్దరు పేషెంట్లను కిందికి దించాలి, మేస్త్రి అయితే అరగంటలో చేస్తాడు అంటూనే సొంత ఫోన్ తీసి నంబరు నొక్కాడు. ఆమె ఆపలేదు. ఆపే హక్కు ఆమెకు లేదు. ఆయన ముఖం వైపే చూసింది.

మేనేజరు ఫోన్ చెవి నుంచి తీసి అదేదో పాడైపోయినట్టు చూశాడు. "స్విచాఫ్ వస్తోంది. పదకొండేళ్ళలో ఎప్పుడూ ఇలా లేదు," అన్నాడు.

"అవునండీ," అంది ఆమె. "ఎప్పుడూ లేదు."

రెండింటికి లిఫ్టు నడిచింది. పేషెంట్లిద్దరూ దిగారు. వ్యాన్ ఎక్కుతూ కవలల నాన్న ఎర్ర ఫైల్ని సంచిలో, పనిముట్ల పక్కన పెట్టాడు. రెండో ఫోన్ రోజులు నిజంగానే అలసటగా ఉంటున్నాయక్కా అన్నాడు. నాలుగో రోజు నాకు ఒక్క కాల్ రాలేదు, పిల్లల్తో బయటికి వెళ్ళలేకపోయా, ఇంట్లో ఉండీ వాళ్ళ మీద అరిచా అన్నాడు. ఆమె తలూపింది. నీలం తలుపు సంగతి వాడికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఎనిమిదికి ఆఫీసు గుమ్మం దగ్గర ఫోన్ల మార్పిడి. ఏడో రోజు రెండో ఫోన్ మేస్త్రిది. ఎనిమిదికి ఐదు నిమిషాలుండగా ఆమె వీధి వైపు చూడటం మొదలుపెట్టింది. రాకపోతే? మూడు రోజులు తీసుకుని అటునుంచి అటే వెళ్ళిపోతే? అలా వెళ్ళిపోయినా ఆ మూడు రోజులు ఇవ్వడం తప్పేనా అని తనను తానే అడిగింది. కాదనే అనుకుంది.

స్కూటరు చప్పుడు వినిపించింది.

ఆయన దిగి, హెల్మెట్ తీశాడు. ముఖం ఏదో తేడాగా ఉంది. కాసేపటికి తెలిసింది, కళ్ళ కింద నల్ల చారలు లేవు. ఆమె ఫోన్ అందించింది. ఆయన తీసుకుని చార్జింగ్ చూసి జేబులో వేసుకున్నాడు. పుస్తకంలో సంతకం పెట్టాడు. ఆమె ఏమీ అడగలేదు. అది గమనించాడేమో, పెన్ను మూత పెడుతూ ఆయనే అన్నాడు.

"పడుకున్నానక్కా."

"ఏంటి?"

"మూడు రోజులూ. ఇంట్లోనే. ఫోన్ కట్టేసి పడుకున్నా. మొదటి రోజు నిద్ర పట్టలేదు, మోగినట్టే ఉంది. రెండో రోజు మధ్యాహ్నం పడుకుంటే మర్నాడు పొద్దున లేచా." కొంచెం సిగ్గుపడ్డట్టు నవ్వాడు. "ఇప్పుడు చెప్పండి. 'కారణం: నిద్ర' అని రాసుంటే ఇచ్చేవారా?"

ఆమె నిజం చెప్పింది. "ఇచ్చేదాన్ని కాదు."

"నిన్న మన వ్యాన్ చూశా," అన్నాడు ఆయన. "నర్సింగ్ హోమ్ ముందు. మెషిన్ గది కిటికీలో ఎవరో నిలబడ్డారు. మీరేననుకున్నా. చెప్పులేసుకున్నా."

"వేసుకుని?"

"గుమ్మంలో కాసేపు నిలబడ్డా. మీరు పిలవలేదు." తల దించుకుని ఫోన్ ఉన్న జేబు మీద చేయి వేసుకున్నాడు. "విప్పేసి లోపలికెళ్ళా."

పుస్తకం ఆమె వైపు జరిపాడు. తర్వాత, పసుపు గుర్తులు చెరిపేయాలక్కా, సెలవులయ్యాక మొదటి పని అదే, నేనే వెళ్తా అన్నాడు. కాగితాలు ఇంకో రెండు మెషిన్లకు బాకీ ఉన్నాయని, అవీ రాసిస్తానని అన్నాడు.

ఆయన వెళ్ళాక ఆమె బల్ల దగ్గర కూర్చుంది. వచ్చే ఏడాదికి అచ్చు వేయించవలసిన సెలవు చీటీ నమూనా ముందుంది. పేరు, తేదీలు, సంతకం. నాలుగో గడి మీద అడ్డంగా గీత కొట్టింది. ఆపైన తన చెల్లెలికి ఫోన్ చేసి, ఈ రోజు నా దగ్గర ఏ ఫోనూ లేదు, వస్తున్నానని చెప్పింది.